ఫొటో చూసి చెప్పేద్దాం: ఫర్నిచర్ బిగించడంలో మీవాళ్లు ఏ స్టెప్పు దగ్గర ఆగిపోయారు?

నేను గాజువాకలో ఉంటాను. మా మేనకోడలు మధురవాడలో ఉంటుంది. మొన్న వానల్లో ఒక ఆదివారం వాట్సాప్‌లో ఫొటో పంపింది. నేల మీద దుప్పటి పరిచి ఉంది. ఒక మూల మాన్యువల్, దాని పక్కన చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లు, మధ్యలో పైపలక ఇంకా ఎక్కని బుక్‌షెల్ఫ్. కింద ఇలా రాసింది: "మావయ్యా, వెనక షీటు గాడిలో సగం దిగి ఆగిపోతోంది. వానలకి ఉబ్బిపోయినట్టుంది. తిరిగి పంపేయమంటావా?"

షీటు ఉబ్బలేదు, గాడీ బాగానే ఉంది. రెండు స్టెప్పుల ముందు ఒక పలక బదులు ఇంకో పలక వెళ్లింది. ఆ సంగతి నేను ఇంట్లో కూర్చునే చెప్పగలిగాను.

ఫర్నిచర్ బిగించడమే నా పని. ఇలాంటి ఫొటోలు వారానికి నాలుగైదు వస్తాయి. మీ ఇంట్లో కూడా ఇలాంటివన్నీ ఒకరికే వస్తాయి, అది మీరే అయితే ఇది మీకోసం. ఫొటో చూసి వాళ్లు మాన్యువల్‌లో ఏ బొమ్మ దగ్గర ఉన్నారో, తప్పు ఏ బొమ్మ దగ్గర జరిగిందో ఎలా తేల్చాలో ఆ బుక్‌షెల్ఫ్‌తోనే చెబుతాను.

ముందు సరైన ఫొటోలు తెప్పించండి

మొదట వచ్చే ఫొటోలో సామానంతా కుప్పగా ఉంటుంది. దాన్ని చూసి ఊహించడం మొదలుపెట్టకండి. ఇంకో నాలుగు రకాల ఫొటోలు అడగండి.

మొదటిది మాన్యువల్‌లో సామాను పట్టిక ఉన్న పేజీ. ఏ పలకకి ఏ నంబరు, ఏ స్క్రూ ఎన్ని అన్నది అందులో ఉంటుంది. రెండోది బొమ్మలున్న పేజీలన్నీ, వాళ్లు తెరిచి పెట్టిన పేజీ ఒక్కటే కాదు. మూడోది మిగిలిన చిన్న సామాను. కవర్లలోంచి తీసి, ఒక తెల్ల కాగితం మీద ఏ రకానికి ఆ రకం వరసగా పేర్చి, నిటారుగా పైనుంచి తీయమనండి. నాలుగోది ఇప్పటిదాకా బిగించినదాన్ని ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. వెనక నుంచి తీయమంటే చాలామంది "వెనకేముంది?" అంటారు. ఈ కేసులో జవాబు వెనకే దొరికింది.

కాగితం మీద ట్యూబ్‌లైట్ మెరుపు పడితే అంకెలు కనిపించవు, కాబట్టి పగటి వెలుతురులో కిటికీ దగ్గర తీయమనండి. వాట్సాప్ మామూలుగా ఫొటోని కుదించి పంపుతుంది. పలక మీద స్టిక్కర్ అంకె, పలకల్ని బిగించే క్యామ్ అనే గుండ్రటి ముక్క మీద బాణం గుర్తు చదవాలంటే హెచ్‌డీలో గానీ, డాక్యుమెంట్‌గా గానీ పంపించుకోండి. 3కీ 8కీ తేడా తెలియక ఒకసారి గంటసేపు తిప్పలు పడ్డాను.

తెరిచి ఉన్న పేజీని లెక్కలోకి తీసుకోకండి

ఫొటోలో తెరిచి ఉన్న పేజీయే వాళ్లున్న స్టెప్పు అనిపిస్తుంది. కానీ మనిషి ఇరుక్కుపోగానే పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పుతాడు. తర్వాతి బొమ్మలో ఏముందో చూస్తాడు, ఫ్యాను గాలికి కాగితం కూడా తిరుగుతుంది. మా మేనకోడలి ఫొటోలో ఆరో బొమ్మ తెరిచి ఉంది, పైపలక ఎక్కించే బొమ్మ. కానీ తను ఐదులోనే ఉంది.

ఏ స్టెప్పులో ఉన్నారన్నది పేజీ కంటే మిగిలిన సామాను బాగా చెబుతుంది.

మిగిలినవి లెక్కపెట్టండి

మామూలుగా బొమ్మలో ఒక మూల చిన్న గడి ఉంటుంది. ఆ స్టెప్పుకి కావలసిన స్క్రూ బొమ్మ, పక్కన ఎన్ని కావాలో చెప్పే అంకె ఉంటాయి. పట్టికలోని మొత్తంలోంచి ఆ అంకెల్ని వరసగా తీసేస్తూ వెళ్తే, ఒక్కో స్టెప్పు అయ్యాక ఏది ఎన్ని మిగలాలో తెలుస్తుంది. పెన్సిల్‌తో బొమ్మ పక్కనే రాసుకుంటే ఐదు నిమిషాల పని.

ఈ బుక్‌షెల్ఫ్ సామాను చెబుతాను, మీరూ వేసి చూడండి. పలకలు: ఎడమ సైడు, కుడి సైడు, కింది పలక, మధ్యలో కదలని అర, అడుగున అడ్డంగా ఉండే పట్టీ, పైపలక, వెనక షీటు, తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకునే రెండు అరలు. చిన్న సామాను: ఇనప పిన్నులు 14, క్యామ్‌లు 14, చెక్క డోవెల్స్ 8, అరల కింద గుచ్చే పిన్నులు 8.

ఇనప పిన్ను, క్యామ్ ఒక జత. మన వడ్రంగులు ఈ జతని మినీఫిక్స్ అంటారు. పిన్ను ఒక పలకలోకి మర తిరిగి బయటికి నిలబడుతుంది. దాని తల రెండో పలక అంచులోని బెజ్జంలోకి వెళ్తుంది. అక్కడ గుండ్రటి క్యామ్ కూర్చుని ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని తిప్పితే పిన్ను తలని పట్టి లోపలికి లాగుతుంది, రెండు పలకలూ బిగుసుకుంటాయి. డోవెల్ పొట్టిగా గుండ్రంగా ఉండే చెక్క ముక్క. అది పలకలు పక్కకి జరగకుండా పట్టి ఉంచుతుంది.

స్టెప్పులు ఇలా ఉన్నాయి. ఒకటో బొమ్మలో రెండు సైడు పలకలకి ఐదేసి చొప్పున 10 పిన్నులు. రెండో బొమ్మలో కింది పలక, మధ్య అర, పట్టీ చివర్లలో 6 డోవెల్స్. మూడులో ఎడమ సైడుని పడుకోబెట్టి ఆ మూడు పలకల్నీ దాని మీద నిలబెట్టి 5 క్యామ్‌లు బిగించాలి. నాలుగులో కుడి సైడు పైన పెట్టి ఇంకో 5 క్యామ్‌లు. ఐదులో నిలబెట్టి వెనక షీటుని గాడిలో పైనుంచి కిందికి జార్చాలి, ఇందులో చిన్న సామాను ఏదీ వాడరు. ఆరులో పైపలకకి మిగతా 4 పిన్నులు, 2 డోవెల్స్, 4 క్యామ్‌లు. ఏడులో అరల పిన్నులు, రెండు అరలు.

అంటే మూడో స్టెప్పు అయ్యాక 9 క్యామ్‌లు మిగలాలి, నాలుగు అయ్యాక 4 మిగలాలి. అమ్మాయి కాగితం మీద పేర్చినవి ఇవి: ఇనప పిన్నులు 4, డోవెల్స్ 2, అరల పిన్నులు 8, క్యామ్‌లు 3. పిన్నులు, డోవెల్స్ సరిపోయాయి. క్యామ్‌లలో ఒకటి తక్కువ.

ఇక్కడ నాకు బాగా పనికొచ్చే గుర్తు ఒకటి చెబుతాను. ఒక్కటి తేడా వస్తే చాలావరకు అది ఎక్కడో దొర్లిపోయింది, లేదంటే కంపెనీవాళ్లు కవర్లో ఒకటి అదనంగా వేశారు. రెండో నాలుగో తేడా వస్తే ఒక పలకకి చేయాల్సిన పని వదిలేశారని అర్థం, ఎందుకంటే పలకలకి ఇవి జతలుగా పడతాయి. ఇక్కడ తేడా ఒకటే. బిగించినదాంట్లో పది క్యామ్‌లూ ఉన్నాయా అని ఫొటో పెద్దది చేసి చూశాను. ఉన్నాయి. ఆ ఒక్కటీ మంచం కిందకి పోయి ఉంటుంది, వెతకమని చెప్పి ముందుకెళ్లాను.

లెక్క ప్రకారం నాలుగో స్టెప్పు పూర్తయింది. ఐదులో చిన్న సామాను వాడరు కాబట్టి అది అయిందో లేదో లెక్క చెప్పదు. దానికి ఫొటోలో షీటు ఎక్కడుందో చూడాలి. సగం గాడిలో ఉంది, సగం పైన గాల్లో ఉంది. కాబట్టి ఐదో స్టెప్పు మధ్యలో ఆగిపోయింది. ఇలా సామాను ఏదీ వాడని స్టెప్పులు మాన్యువల్‌లో ఎక్కడున్నాయో ముందే గుర్తు పెట్టుకోండి. జనం వాటినే మర్చిపోయి పైపలక బిగించేస్తుంటారు. తర్వాత షీటు దూర్చడానికి దారి ఉండదు.

ఆగిన చోటు వేరు, తప్పిన చోటు వేరు

ఏ స్టెప్పులో ఆగారో తెలిసింది. ఇప్పుడు ఆ స్టెప్పు బొమ్మనే పట్టుకుని కూర్చోకండి. ఆ బొమ్మలో చెప్పిందంతా సరిగ్గా చేస్తున్నా పని జరగట్లేదంటే కారణం దానికంటే ముందు ఉంటుంది. ఈ పని ఏ పలకలకి తగులుతుందో చూసి, ఆ పలకలు ఏ బొమ్మలో బిగించారో అక్కడికి వెనక్కి వెళ్లాలి. వెనక షీటు సైడు పలకల గాడిలోంచి జారి, మధ్య అర వెనకగా దిగి, కింది పలక గాడిలో కూర్చోవాలి. కాబట్టి అనుమానించాల్సినవి సైడు పలకలు, మధ్య అర, కింది పలక. కుడి సైడు తప్ప అవన్నీ మూడో బొమ్మలో కలిసేవే.

కానీ షీటు ఉబ్బిందేమో అని తను అన్న మాటని కొట్టిపారేయలేదు. మన విశాఖ తేమకి అది జరగని పని కాదు. పార్టికల్ బోర్డు నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, తడిగుడ్డ పెట్టిన నేల మీద పలక పడుకోబెట్టినా అంచు పీల్చుకుంటుంది. అయితే ఉబ్బినదానికీ అడ్డం తగిలినదానికీ తేడా చేతికే తెలుస్తుంది. ఉబ్బితే మొదటి నుంచీ బిగుతుగా ఉంటుంది, దిగుతున్నకొద్దీ ఇంకా బిగుస్తుంది, ఆగే చోటు ప్రతిసారీ కొంచెం మారుతుంది. అడ్డం తగిలితే అప్పటిదాకా సులువుగా జారి, ఒక్కసారిగా ఠక్కుమని ఆగుతుంది. ఎన్నిసార్లు వేసినా అదే చోట ఆగుతుంది.

ఫోన్ చేసి ఇలా చెప్పాను: "షీటు దిగినంత దించి, పైన ఎంత మిగిలిందో టేపుతో కొలువమ్మా. పూర్తిగా తీసి మళ్లీ దించి ఇంకోసారి కొలువు."

"రెండుసార్లూ అరవై రెండు సెంటీమీటర్లు మావయ్యా."

"సైడు పలక పై అంచు నుంచి మధ్య అర ఎంత కిందుంది?"

ఒక నిమిషం ఆగింది. "అరవై మావయ్యా."

గాడి సైడు పలక పైచివర నుంచే మొదలవుతుంది. షీటు సరిగ్గా మధ్య అర ఉన్న ఎత్తులోనే ఆగింది. షీటు మొత్తం పొడుగు 122. మిగిలిన 62 తీసేస్తే లోపలికి దిగింది 60. మధ్య అర అడ్డం పడుతోందని ఇక్కడే తేలిపోయింది. ఈ కొలత పద్ధతి ఏ షీటుకైనా, ఏ సొరుగుకైనా పనికొస్తుంది: ఆగిన చోటు కొలిచి, ఆ కొలతలో ఏ పలక ఉందో చూడడం.

ఏ పలక మారిందో ఎలా కనిపిస్తుంది

కింది పలక, మధ్య అర ఒకే పొడుగు, ఒకే రంగు. చివర్లలో బెజ్జాలు ముందు అంచు నుంచి ఒకే దూరంలో ఉన్నాయి. అందుకే ఒకదాని చోట రెండోది చక్కగా బిగుస్తుంది, ఎక్కడా తేడా తెలియదు. తేడా వెడల్పులో ఉంది. కింది పలక 28 సెంటీమీటర్లు, సైడు పలకతో సమానం. మధ్య అర 26 మాత్రమే, వెనక షీటు దిగడానికి దారి వదలాలి కాబట్టి. ఇంకో తేడా, కింది పలకకి వెనక అంచు దగ్గర పొడుగునా సన్నటి గాడి కోసి ఉంటుంది. షీటు అడుగు అందులో కూర్చుంటుంది. మధ్య అరకి గాడి ఉండదు.

ఇప్పుడు వెనక నుంచి తీసిన ఫొటో తెరిచాను. మధ్యలో ఉన్న పలక వెనక అంచు సైడు పలకల అంచుతో సమానంగా వచ్చింది. దాని మీద సన్నగా నల్లగీతలా గాడి కనిపించింది. అడుగున ఉన్న పలక మాత్రం రెండు సెంటీమీటర్లు లోపలికి ఉంది, దానికి గాడి లేదు. రెండూ తారుమారయ్యాయి. పలకల అడుగున స్టిక్కర్లు చూడమంటే, మధ్యలో ఉన్నదాని కింద కింది పలక నంబరే ఉంది. తనకి స్టిక్కర్ కనిపించలేదు, ఎందుకంటే అది పలక కింది వైపు ఉంది. బిగించాక ఎవరూ అటు చూడరు.

నంబరు స్టిక్కర్ ఊడిపోతే గాడి, బెజ్జాలు, అంచు టేపు చూసి పలకని గుర్తుపట్టొచ్చు. మామూలుగా ముందుకి వచ్చే అంచుకి టేపు అతికించి నున్నగా ఉంటుంది, వెనక అంచు చాలాసార్లు పచ్చిగా పొట్టు రంగులో వదిలేస్తారు. ఫొటోలో ముందు వైపు పొట్టు కనిపిస్తే ఆ పలక తిరగబడిందని వెంటనే చెప్పేయొచ్చు.

విప్పడం

తారుమారైన పలకలు మార్చాలంటే నాలుగో స్టెప్పు మొత్తం, మూడులో కొంత వెనక్కి తీసుకోవాలి. ఫెవికాల్ పెట్టారా అని ముందు అడగండి. డోవెల్స్‌కి జిగురు పెట్టి అది ఆరిపోతే పలక చీలకుండా ఊడిరాదు. అందుకే షీటు దిగి పైపలక కూర్చునేదాకా జిగురు జోలికి వెళ్లొద్దని నేను అందరికీ చెబుతాను. అదృష్టవశాత్తూ తను పెట్టలేదు.

షీటు తీసేసి, బుక్‌షెల్ఫ్‌ని ఎడమ సైడు కిందకి వచ్చేలా దుప్పటి మీద పడుకోబెట్టమన్నాను. పైకొచ్చిన కుడి సైడుని పట్టుకున్న ఐదు క్యామ్‌లని ఎడమవైపుకి, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా, ఆగేదాకా తిప్పాలి. క్యామ్ మీద ఉన్న బాణం పలక అంచు వైపు, పిన్ను వచ్చే బెజ్జం వైపు చూస్తే వదిలేసినట్టు. ఐదింటి బాణాలూ అటే చూస్తున్నాయని ఫొటో తీసి పంపాకే సైడు పలక ఎత్తమన్నాను. ఒక్కటి బిగిసి ఉన్నా, లాగితే పిన్ను మర పార్టికల్ బోర్డుని పొట్టులా పెకిలించుకుని వస్తుంది. ఆ బెజ్జం మళ్లీ పట్టదు. సైడు పలకని ఇద్దరు రెండు చివర్లా పట్టుకుని నిటారుగా పైకి ఎత్తాలి, వంచి ఊపకూడదు.

తర్వాత ఎడమ సైడులో కింది పలకవి రెండు, మధ్య అరవి రెండు క్యామ్‌లు వదిలి, రెండు పలకల్నీ చోట్లు మార్చి మళ్లీ బిగించాలి. అడుగు పట్టీని కదపక్కర్లేదు. వెంటనే కుడి సైడు ఎక్కించవద్దని, గాడి ఉన్న పలక అడుగున, గాడి లేనిది మధ్యలో ఉన్నట్టు ఒక ఫొటో పంపమని అడిగాను. ఈ ఒక్క ఫొటో చూసి ముందుకెళ్తే ఇదే పని మూడోసారి చేయక్కర్లేదు.

ఫొటోలో కనిపించనివి

కొన్ని ఫొటోకి అందవు. పిన్ను సైడు పలకలోకి దాని మెడ పలకకి ఆనేదాకా దిగాలి. రెండు మిల్లీమీటర్లు పైకి ఉండిపోతే తల క్యామ్‌కి సరిగ్గా చిక్కదు, క్యామ్ ఊరికే గిరగిర తిరుగుతుంది. ఫొటోలో మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది. అలాంటప్పుడు "తిప్పుతుంటే బిగుస్తోందా, వట్టిగా తిరుగుతోందా?" అని అడగాలి. సగం చుట్టు దాటేసరికి చేతికి బిగుతు తెలియాలి. తెలియకపోతే క్యామ్‌ని వెనక్కి తిప్పి, పలక తీసి, పిన్నుని ఇంకాస్త దించమనండి. పలకల మధ్య సన్నటి సందు కనిపిస్తే చాలాసార్లు డోవెల్ పూర్తిగా దిగలేదన్నమాట. మన వానాకాలం డోవెల్ కాస్త లావెక్కుతుంది, సుత్తితో కొట్టకుండా గరుకు కాగితంతో రెండుసార్లు రుద్దితే దిగుతుంది. పిన్ను చుట్టూ పొట్టు లేచి బెజ్జం వదులైపోతే మాత్రం ఫొటోలతో కుదరదు, ఎవరో ఒకరు వెళ్లి చూడాలి.

మా మేనకోడలి ఇంట్లో అంతదాకా రాలేదు. ముప్పావుగంటలో పలకలు మారాయి. షీటు గాడిలో జారుతూ వెళ్లి అడుగు పలకలో కూర్చుంది. పై అంచున తను అంతకుముందు సుత్తితో కొట్టిన రెండు నొక్కులు ఉన్నాయి, కానీ అవి పైపలక గాడిలోకి వెళ్లిపోతాయి. పైపలకకి నాలుగు క్యామ్‌లు కావాలి, చేతిలో మూడే. సాయంత్రానికి నాలుగోది దొరికిందని ఫొటో పంపింది, మంచం కాలు పక్కన.